అపోలో ఫిష్ ప్లేటు అసలు ఖర్చు

హైదరాబాద్ హోటళ్లలో అపోలో ఫిష్‌కి ముల్లు లేని చేప ముక్కలు కావాలి. కొరమీను కిలో 400 రూపాయల చొప్పున 10 కిలోలు కొన్నారనుకుందాం. పొలుసు, తల, పేగులు, ముల్లు తీసేశాక మిగిలిన మాంసం నాలుగున్నర కిలోలే అయితే, 4,000 రూపాయలను పదితో కాదు, నాలుగున్నరతో భాగించాలి. అప్పుడు కిలో మాంసం ధర దాదాపు 889 రూపాయలు. ప్లేటుకు 200 గ్రాముల పచ్చి ముక్కలు వేస్తే చేప ఖర్చే 178 రూపాయలు. కొన్న ధరతో లెక్క కట్టినవారికి అది 80గా కనిపిస్తుంది. నష్టం అక్కడే మొదలవుతుంది. తలలు పులుసుకు నిజంగా వాడితేనే వాటి విలువ తగ్గించుకోవాలి.

చిదిగిన ముక్కలు, మాడిన వాయి వృథా కింద పోతాయి. 22 ప్లేట్లు రావలసిన చోట 20 మాత్రమే అమ్ముడైతే ప్లేటుకు చేప ఖర్చు 200 అవుతుంది. నూనె, పెరుగు, కరివేపాకు, మసాలాల ఖర్చు దీనిపై కలుస్తుంది.

అన్నిటికన్నా కంటికి కనపడనిది చేతివాటం కొలత. వంటమనిషి 20 గ్రాములు ఎక్కువ వేస్తే ప్రతి ప్లేటుకూ సుమారు 18 రూపాయలు పోతాయి. అందుకే ముక్కలను వేయించకముందే తూచి, ప్లేటుకొక పొట్లంగా పెట్టాలి. వేగాక నీరు పోయి బరువు మారుతుంది.