రైతు బజారుకు ఎన్ని కట్టలు? ఆకుకూరల పరిమాణ నిర్ణయంలో పత్రికా విక్రేత నమూనా

ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న ప్రారంభమైన రైతు బజారులలో ధరలను ఏ రోజుకారోజు బోర్డుపై ప్రకటిస్తారు. ధర తన చేతిలో లేనందున ఆకుకూరల రైతుకు మిగిలేది పరిమాణ నిర్ణయమే. కంకిపాడు పరిసరాల నుండి విజయవాడకు తెచ్చిన తోటకూర ఆ రోజు అమ్ముడుపోకపోతే మరునాటికి వాడిపోయి విలువ కోల్పోతుంది. మరునాటికి పాత దినపత్రికకు పట్టే గతి కూడా ఇదే. అందుచేత ఈ సమస్యకు పత్రికా విక్రేత నమూనా వర్తిస్తుంది.

ఉదాహరణకు కట్ట ధర రూ.10, కట్టపై మొత్తం వ్యయం రూ.6 అనుకొందాము. అదనంగా తెచ్చిన కట్ట అమ్ముడైతే రూ.4 లాభం, మిగిలితే రూ.6 నష్టం. కాబట్టి ఆ కట్ట అమ్ముడయ్యే సంభావ్యత 6/10, అనగా 0.6 కంటే తగ్గనంతవరకే దానిని తేవడం లాభదాయకం.

20 రోజుల నమోదులో గిరాకీ 60 కట్టలు 2 రోజులు, 70 కట్టలు 3, 80 కట్టలు 4, 90 కట్టలు 3, 100 కట్టలు 4, 110 కట్టలు 2, 120 కట్టలు 2 రోజులు ఉన్నదనుకొందాము. సగటు 89. గిరాకీ 80 గాని అంతకు మించి గాని ఉన్న రోజులు 15, అనగా 0.75. 90 గాని అంతకు మించి గాని ఉన్నవి 11, అనగా 0.55 మాత్రమే. కనుక 80 కట్టల వద్ద ఆగవలెను. రోజువారీ సగటు లాభం 80 కట్టలకు రూ.285, 90 కట్టలకు రూ.280, 120 కట్టలకు రూ.170. పది కట్టల పొరపాటు స్వల్పమే. ఏ కొనుగోలుదారూ వట్టి చేతులతో పోరాదని 120 తెచ్చినవారికి మాత్రం నష్టం ఎక్కువ.

రూ.6 వ్యయంలో సాగు ఖర్చు కూడా ఉన్నది. కోయని మడి మరునాడు కూడా అమ్మకానికి పనికివచ్చునప్పుడు కట్టకు ఆ విలువను చేర్చడం సమంజసం. అయితే ముదిరిపోవుచున్న మడిని నేడు కోయకపోతే దాని విలువ శూన్యం. సాగు ఖర్చు ఎటూ తిరిగి రాదు. అప్పుడు లెక్కించవలసినది కోత, కట్ట కట్టుట, రవాణా ఖర్చులే. అవి రూ.3 అయితే కావలసిన సంభావ్యత 0.3. అదే నమోదు ప్రకారం 100 వద్ద అది 0.4, 110 వద్ద 0.2. కనుక 100 కట్టలు తేవలెను. గిరాకీ మారకపోయినా వ్యయస్వరూపం మారినందున సమాధానం మారినది.

ఈ లెక్క తప్పుటకు ప్రధాన కారణం అమ్మకాన్నే గిరాకీగా నమోదు చేయడం. 80 కట్టలు ఉదయం 9 గంటలకే అయిపోయిన రోజున పుస్తకంలో 80 అనియే ఉంటుంది. ఆ తరువాత అడిగి వెళ్లినవారు లెక్కలోనికి రారు. ఇట్టి నమోదుతో పరిమాణం ప్రతిసారీ తక్కువగా తేలుతుంది. సరుకు అయిపోయిన వేళను కూడా వ్రాయించినచో ఈ లోపం బయటపడుతుంది. అదేవిధంగా కార్తీకమాసం, పండుగ దినాల గిరాకీని వేరుగా నమోదు చేయవలెను. సాధారణ దినాలతో కలిపిన పట్టిక ఏ రోజుకూ సరిపడదు.