ఏడాది పాటు ఉండే పన్ను ఊరట బజారు దాకా ఎందుకు రాదు?

1975 మార్చి 29న అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ ఒక పన్ను చట్టంపై సంతకం పెట్టారు. దేశం అప్పుడు తీవ్రమైన మాంద్యంలో ఉంది. మే నెలకల్లా నిరుద్యోగం 9 శాతానికి చేరింది. జనం చేతికి డబ్బు వస్తే బజారుకు వెళ్తారనీ, గిరాకీ పెరిగితే ఫ్యాక్టరీలు మళ్లీ మనుషుల్ని పనిలోకి తీసుకుంటాయనీ ప్రభుత్వం ఆశ. అందుకే 1974కు కట్టిన ఆదాయపన్నులో 10 శాతాన్ని, గరిష్ఠంగా 200 డాలర్ల వరకు, తిరిగి ఇచ్చేసింది. ఇలా పంచింది దాదాపు 800 కోట్ల డాలర్లు. ఇది ఒక్కసారికే ఇస్తున్న రిబేటు అని అందరికీ తెలుసు.

చెక్కులు ఇళ్లకు చేరిన నెలల్లో జనం చేతికొచ్చిన ఆదాయం అమాంతం పెరిగింది. ఖర్చు మాత్రం ఆ స్థాయిలో పెరగలేదు. ఎగిరి కూర్చున్నది పొదుపు. చెక్కుల రాక ఆగగానే ఆ పొదుపు రేటు మళ్లీ కిందికి దిగింది. ఈ ఫలితం చూసి ఆశ్చర్యపోని ఆర్థికవేత్తల్లో ఫ్రాంకో మోడిగ్లియానీ ఒకరు. చార్లెస్ స్టైండెల్‌తో కలిసి 1977లో ఆయన ఈ రిబేటునే పరిశీలించి, మాంద్యాన్ని ఎదుర్కోవడానికి ఇది సరైన పనిముట్టు కాదని వాదించారు. ఆ వాదనకు పునాది ఆయన రెండు దశాబ్దాల ముందే వేసుకున్నారు.

1954లో మోడిగ్లియానీ, ఆయన శిష్యుడు రిచర్డ్ బ్రంబర్గ్ ఒక మామూలు విషయం నుంచి మొదలుపెట్టారు. మనిషి సంపాదన వయసుతో మారుతుంది. చదువుకునే రోజుల్లో ఉండదు, నడివయసులో పెరుగుతుంది, రిటైరయ్యాక పడిపోతుంది. తిండి, ఇల్లు, మందుల అవసరాలు మాత్రం చివరిదాకా ఉంటాయి. కాబట్టి కుటుంబాలు ఈ నెల జీతాన్ని చూసి కాక, జీవితకాలపు సంపాదనను దృష్టిలో పెట్టుకుని ఖర్చు చేస్తాయని వారి వాదన. దీన్నే జీవితచక్ర సిద్ధాంతం అంటారు.

మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1957లో మరో దారిలో దాదాపు ఇక్కడికే వచ్చారు. ఏ ఏడాది ఆదాయంలోనైనా రెండు పాళ్లు ఉంటాయన్నారు ఆయన. ముందు ముందు కూడా వస్తుందని నమ్మకం ఉన్నది శాశ్వత ఆదాయం. ఈసారికి వచ్చి పోయేది తాత్కాలిక ఆదాయం. ఇంటి ఖర్చు మొదటిదాన్ని పట్టి నడుస్తుంది. ఒక ఏడాది ధర కలిసొచ్చిన మిర్చి రైతు వంటింటి ఖర్చును రెట్టింపు చెయ్యడు. అప్పు తీరుస్తాడు, బంగారం కొంటాడు, వచ్చే కారుకు పెట్టుబడి పక్కన పెడతాడు. మళ్లీ అదే ధర వస్తుందన్న భరోసా లేదని అతనికి తెలుసు. ఫ్రీడ్‌మన్ కూడా అమెరికా రైతు కుటుంబాల లెక్కల్లో ఇలాంటిదే గమనించారు. ఆదాయం ఎక్కువగా ఊగిసలాడే ఇళ్లలో, ఆ ఏడాది రాబడితో ఖర్చుకు ఉన్న ముడి వదులుగా ఉంటుంది.

ఇప్పుడు ఆ 200 డాలర్లను ఒక ఇంటికి పంపి చూద్దాం. ఇంటి యజమానికి 30 ఏళ్లనుకుందాం. 60 దాకా పనిచేసి, 80 దాకా బతుకుతాడు. లెక్క తేలిక కోసం వడ్డీని పక్కన పెడదాం. ఒక్కసారి వచ్చిన 200 డాలర్లను మిగిలిన 50 ఏళ్లకు సర్దితే ఏడాదికి 4 డాలర్లు, అంటే నెలకు 33 సెంట్లు. అదే 200 డాలర్ల ఊరట పనిచేసే 30 ఏళ్లూ ఏటా వస్తుందని అతను నమ్మితే, మొత్తం 6,000 డాలర్లు. 50 ఏళ్లకు సర్దితే ఏడాదికి 120 డాలర్లు. మొదటి ఏడాది ఖజానా వదులుకున్నది రెండు సందర్భాల్లోనూ ఒకటే, 200 డాలర్లు. ఇంటి ఖర్చులో వచ్చే మార్పు మాత్రం 30 రెట్లు తేడా. వడ్డీని కలిపితే అంకెలు కాస్త మారతాయి కానీ, తేడా చెరిగిపోదు.

ఈ వాదన నిజమైతే పన్ను పెంపు విషయంలోనూ ఇదే కనిపించాలి. కనిపించింది కూడా. 1968లో వియత్నాం యుద్ధపు ఖర్చుతో ధరలు పెరుగుతుంటే, గిరాకీని తగ్గించడానికి లిండన్ జాన్సన్ ప్రభుత్వం ఆదాయపన్ను మీద 10 శాతం సర్‌ఛార్జీ వేసింది. ఏడాది తర్వాత అది ముగుస్తుందని చట్టంలోనే ఉంది. జనం ఖర్చు తగ్గించుకోలేదు, పొదుపు తగ్గించుకుని పన్ను కట్టారు. మరుసటి ఏడాది ధరల పెరుగుదల తగ్గకపోగా 5 శాతం దాటింది.

అయితే ఈ సిద్ధాంతానికి హద్దు ఉంది. భవిష్యత్తు సంపాదనను ఇప్పుడే వాడుకోవాలంటే చేతిలో నిల్వ ఉండాలి, లేదా అప్పు పుట్టాలి. రెండూ లేని ఇంట్లో చెక్కు రాగానే ఆగి ఉన్న కరెంటు బిల్లు కడతారు, వాయిదా వేసిన వైద్యం చేయించుకుంటారు. 50 ఏళ్లకు సర్దే వెసులుబాటు వారికి లేదు.

ఈ హద్దు ఎంత పెద్దదో కొలిచే అవకాశం 2008లో వచ్చింది. అమెరికా మళ్లీ ఒక్కసారికే పరిమితమైన రిబేటు ఇచ్చింది. ఒంటరి వ్యక్తికి 600, దంపతులకు 1,200 డాలర్ల వరకు. డబ్బు ఏ వారం ఎవరికి అందాలన్నది వారి సోషల్ సెక్యూరిటీ నంబరులోని చివరి రెండంకెలను బట్టి నిర్ణయించారు. ఆ అంకెలకూ ఇంటి స్థితిగతులకూ సంబంధం లేదు కాబట్టి అది లాటరీ తీసినట్టే అయింది. ముందు అందుకున్నవారి ఖర్చును, ఇంకా అందుకోనివారి ఖర్చుతో పరిశోధకులు పోల్చారు. తిండి, బట్టలు, పెట్రోలు వంటి వాటి మీద మూడు నెలల్లో ప్రతి డాలరులో 12 నుంచి 30 సెంట్లు ఖర్చయినట్టు అంచనా వచ్చింది. కొన్నేళ్ల పాటు వాడే కార్ల వంటివి కలిపితే ఆ అంచనా ఇంకా చాలా పెరిగింది. ఆ పద్ధతి ఖర్చును ఎక్కువ చేసి చూపిందని తర్వాత కొందరు విమర్శించారు. ‘ఈ డబ్బుతో ప్రధానంగా ఏం చేస్తారు’ అని విడిగా అడిగిన సర్వేలో, ఖర్చు పెంచుతామన్నవారు ఐదింట ఒక వంతే. ఎక్కువమంది అప్పు తీరుస్తామన్నారు.

కారు కొనడాన్ని ఈ సిద్ధాంతం పూర్తిగా ఖర్చు కింద లెక్కవేయదు. ఏళ్ల తరబడి వాడుకునే వస్తువు కాబట్టి అందులో చాలా భాగం పొదుపే. షోరూము యజమానికి మాత్రం అది ఈ నెల అమ్మకమే. రిబేటు పనిచేసిందా లేదా అన్న చర్చ ఇన్నేళ్లుగా తెగకపోవడానికి ఈ రెండు లెక్కల మధ్య తేడా కూడా ఒక కారణం.

తాత్కాలిక ఊరట ఎప్పుడూ నీరుగారిపోతుందని దీని అర్థం కాదు. బ్రిటన్ 2008 డిసెంబరు 1 నుంచి 13 నెలల పాటు, అమ్మకాలపై వేసే వ్యాట్‌ను 17.5 నుంచి 15 శాతానికి తగ్గించింది. ఇక్కడ తగ్గింది వస్తువు ధర. గడువు దాటితే ధర పెరుగుతుందని తెలిసిన కుటుంబం, వచ్చే ఏడాది కొనాలనుకున్న ఫ్రిజ్‌ను ఇప్పుడే కొనడం లాభం. ఆదాయపన్ను ఊరటను బలహీనపరిచిన గడువే ఇక్కడ కొనుగోలుకు తొందరపెడుతుంది. ఆ అమ్మకంలో కొంత మరుసటి ఏడాదిది కాబట్టి, గడువు ముగిశాక దుకాణాల్లో ఆ మేరకు గిరాకీ తగ్గుతుందని కూడా ఇదే సిద్ధాంతం చెబుతుంది.