కరెంటు పోయిన రాత్రి ఫ్రీజర్‌లో ఏం జరిగింది?

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, ట్రాయ్ పట్టణంలో రెన్సెలర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడ ప్రొఫెసర్ కె.వి.లక్ష్మి బృందం కిరణజన్య సంయోగక్రియ మీద పరిశోధన చేస్తుంది. ఇరవై ఏళ్లకు పైగా కూడబెట్టిన కణాలు, ఇతర నమూనాలు మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఫ్రీజర్‌లో ఉండేవి. 2020 సెప్టెంబరు 14 ప్రాంతంలో ఆ ఫ్రీజర్ అలారం మోగడం మొదలుపెట్టింది. లోపలి వేడిమి రెండు డిగ్రీలు పెరిగి మైనస్ 78కి చేరింది. నమూనాలకు అప్పటికింకా ప్రమాదం లేదని బృందం తేల్చుకుంది. కొవిడ్ ఆంక్షల వల్ల 21వ తేదీకి ముందు మరమ్మతు చేసేవాళ్లు రాలేని పరిస్థితి. అందుకని ప్లగ్గును ఎవరూ పీకకుండా సాకెట్ మీద పెట్టె బిగించి తాళం వేశారు. మరమ్మతు జరగాల్సి ఉంది కాబట్టే ఈ శబ్దం, దీన్ని కదపొద్దు, ప్లగ్గు తీయొద్దు, ఇక్కడ శుభ్రం చేయనక్కర్లేదు, శబ్దం ఇబ్బందిగా ఉంటే ఫలానా బటన్ నొక్కి ఆపండి అని కాగితం కూడా అంటించారు.

17వ తేదీన శుభ్రం చేయడానికి వచ్చిన కాంట్రాక్టు కార్మికుడు ఆ శబ్దం విన్నాడు. ఏదో కరెంటు ఆగిపోయిందనుకుని, సాయం చేద్దామని బ్రేకర్ల పెట్టె తెరిచాడు. ఆన్‌లో ఉన్న బ్రేకర్‌ను ఆఫ్ అని పొరబడి కిందికి దించాడు. మర్నాడు పరిశోధక విద్యార్థులు వచ్చి చూసేసరికి ఫ్రీజర్ ఆగిపోయి ఉంది. లోపల మైనస్ 32 డిగ్రీలు. నమూనాల్లో చాలా భాగం ఇక పనికిరావని తేలింది. 2023లో ఆ సంస్థ పది లక్షల డాలర్లకు పైగా నష్టపరిహారం కోరుతూ కోర్టుకు వెళ్లింది. దావా వేసింది కార్మికుడి మీద కాదు. అతనికి సరైన శిక్షణ ఇవ్వలేదంటూ అతణ్ని పనిలో పెట్టుకున్న కంపెనీ మీద వేసింది.

పైన చెప్పిన వివరాలన్నీ ఆ దావా కాగితాల్లోవి. అలారం మోగిన తేదీ, అప్పటి ఉష్ణోగ్రత, అంటించిన కాగితంలోని మాటలు, బ్రేకర్ దించిన తేదీ, ఫ్రీజర్ తెరిచినప్పుడు కనిపించిన అంకె, అన్నీ విడివిడిగా నమోదై ఉన్నాయి. దాదాపు మూడేళ్ల తర్వాత కోర్టు ముందు నిలబడాలన్నా, తోటి శాస్త్రవేత్తకు నష్టం అర్థం కావాలన్నా ఆధారం ఆ కాగితాలే. కరెంటు పోయి ప్రయోగశాలలో నమూనాలు పాడైనప్పుడు రాసే నివేదిక గట్టిదా కాదా అన్నది తేల్చేవి ప్రధానంగా మూడు సంగతులు: ఎంత వేడికి చేరాయి, ఎంతసేపు ఉన్నాయి, ఏమేం పోయాయి. మూడూ చిన్న ప్రశ్నల్లాగే కనిపిస్తాయి. మూడింటిలోనూ తప్పులు దొర్లుతుంటాయి.

ఎక్కువగా పొరబడేది రెండోదాని దగ్గర. ‘కరెంటు తొమ్మిది గంటలు లేదు’ అని రాసేసి చాలామంది ఊరుకుంటారు. కానీ నమూనాకు కరెంటుతో పని లేదు, దాని చుట్టూ ఉన్న చలితోనే పని. ఒక ఉదాహరణ ఊహించి చూద్దాం. శనివారం రాత్రి 11.10కి కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు. తలుపు మూసి ఉన్న, నిండుగా సర్దిన మైనస్ 80 ఫ్రీజర్ మెల్లగానే వేడెక్కుతుంది. రాత్రి 1.30కి అది మైనస్ 60 దాటింది. ఉదయం 8.05కి కరెంటు వచ్చింది. యంత్రం తిరగడం మొదలైనా లోపలి గాలి వెంటనే చల్లబడదు కాబట్టి 8.15కి మైనస్ 41 దాకా పోయి, అక్కడి నుంచి దిగడం మొదలుపెట్టింది. మళ్లీ మైనస్ 60 కిందికి వచ్చేసరికి 11.40. అంటే కరెంటు లేనిది 8 గంటల 55 నిమిషాలు. మైనస్ 60 కంటే వేడిగా నమూనాలు గడిపినది 10 గంటల 10 నిమిషాలు. నివేదికలో రెండూ రాయాలి, విడివిడిగా రాయాలి. మొదటిది కరెంటు సంగతి చెబుతుంది, నమూనాల సంగతి చెప్పేది రెండోది. అదే ఫ్రీజర్ సగం ఖాళీగా ఉంటే, లేదా ఎవరైనా కంగారుగా మధ్యలో రెండుసార్లు తలుపు తీసి చూసి ఉంటే, కరెంటు పోయిన సమయం అంతే ఉన్నా రెండో అంకె మారిపోతుంది. అందుకే తలుపు ఎవరు, ఎన్ని గంటలకు తీశారన్నది కూడా రాయాల్సిందే.

ఈ గంటలూ నిమిషాలూ ఎక్కడి నుంచి వస్తాయి? పది నిమిషాలకోసారి ఉష్ణోగ్రతను తనంతట తాను రాసుకునే చిన్న పరికరం ఫ్రీజర్ లోపల ఉంటేనే వస్తాయి. దాన్ని లాగర్ అంటారు. అది సొంత బ్యాటరీ మీద నడవాలి. ఫ్రీజర్ ప్లగ్గు ఉన్న బోర్డు నుంచే దానికీ కరెంటు ఇస్తే, సరిగ్గా అవసరమైన గంటల్లోనే అదీ మూగబోతుంది. లాగర్ లేని చోట నిజాయతీగా రాయదగింది ఒక్కటే: చివరిసారి సరిగ్గా ఉందని చూసిన సమయం, ఆగిపోయిందని మొదట గుర్తించిన సమయం. మధ్యలో ఎప్పుడో జరిగిందని రాయాలి తప్ప, అర్ధరాత్రి రెండింటికి పోయి ఉండవచ్చన్న అంచనాను వాస్తవంలా రాయకూడదు.

ఇక ఉష్ణోగ్రత. ఫ్రీజర్ తలుపు మీద వెలిగే అంకెను చూసి రాసేస్తే సరిపోతుందా? 2012 మే నెలలో హార్వర్డ్ మెదడు కణజాల నిధికి జరిగింది గుర్తుచేసుకోవాలి. బోస్టన్ దగ్గరి మెక్లీన్ ఆసుపత్రిలో ఉన్న ఆ నిధిలో ఒక ఫ్రీజర్ చెడిపోయింది. బయట అంకె మైనస్ 79 చూపిస్తూనే ఉంది, అలారాలు మోగలేదు. తలుపు తీస్తే లోపల ఇంట్లోని ఫ్రిజ్‌కు సమానమైన వేడి, సుమారు 7 డిగ్రీలు. మరణానంతరం దానంగా వచ్చిన దాదాపు 150 మెదళ్లు కరిగిపోయాయి. వాటిలో 50కి పైగా ఆటిజం పరిశోధన కోసం కేటాయించినవి. అక్కడ సమస్య కరెంటుది కాదు. కానీ నివేదిక రాసేవారికి పాఠం ఒకటే: బయటి అంకె, లోపల విడిగా పెట్టిన థర్మామీటర్ అంకె రెండూ రాసి, ఏది ఎక్కడ చదివిందో చెప్పాలి. పై అరలో పెట్టిన థర్మామీటరుకూ అడుగు అరలో పెట్టినదానికీ కూడా కొన్ని డిగ్రీల తేడా ఉండొచ్చు.

అన్నిటికన్నా కష్టమైనది పోయినవాటి జాబితా. ఎందుకంటే కరెంటు తిరిగి రాగానే ఫ్రీజర్ అన్నిటినీ మళ్లీ గడ్డ కట్టించేస్తుంది. కరిగి మళ్లీ గడ్డకట్టిన సీరం పైకి చూడ్డానికి మామూలు సీరంలాగే ఉంటుంది. అందుకే ఫ్రీజర్ మళ్లీ చల్లబడకముందే, ఒకే ఒక్కసారి, త్వరగా తలుపు తీసి కనిపించింది ఫొటో తీయాలి. నిటారుగా పెట్టిన గొట్టంలో మంచు ఏటవాలుగా ఉందా, డబ్బా అడుగున నీరు చేరిందా, లేబుళ్లు తడిసి ఊడాయా చూడాలి. కొన్ని ప్రయోగశాలల్లో ముందు జాగ్రత్తగా ఒక కప్పులో నీళ్లు గడ్డకట్టించి, పైన నాణెం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచుతారు. నాణెం కప్పు అడుగున కనిపిస్తే లోపల ఒకసారి కరిగిందని తెలిసిపోతుంది. ఇది సున్నా డిగ్రీలు దాటిన సంగతినే పట్టిస్తుంది. ట్రాయ్‌లో లాగా మైనస్ 32 దగ్గర జరిగిన నష్టాన్ని ఏ నాణెమూ చెప్పలేదు.

ఆ మైనస్ 32 దగ్గర మంచు కరగలేదు కదా, మరి నమూనాలు ఎలా పాడయ్యాయి అన్న సందేహం సహజమే. గట్టిగా కనిపించే మంచులో కూడా, చలి తగ్గేకొద్దీ ఉప్పులు కలిసిన సన్నటి ద్రవం చోటుచోటా మిగిలి ఉంటుంది. చిన్న మంచు స్ఫటికాలు పెద్దవై కణాల పొరలను చీలుస్తాయి. ప్రొటీన్లు రూపం కోల్పోతాయి. అయితే అన్ని నమూనాలూ ఒకేలా దెబ్బతినవు. డీఎన్‌ఏ మొండిది, ఒక రాత్రి కరిగినా సాధారణంగా పనికొస్తుంది. ఆర్‌ఎన్‌ఏ అలా కాదు, కణజాలం కరగగానే అందులోని ఎంజైములే దాన్ని ముక్కలు చేస్తాయి. జన్యువులను చొప్పించడానికి ప్రత్యేకంగా తయారుచేసి ఉంచిన బ్యాక్టీరియా కొద్దిపాటి వేడికే శక్తి కోల్పోతుంది. గ్లిజరాల్ కలిపి మైనస్ 20లో ఉంచే ఎంజైములు అసలు గడ్డే కట్టవు కాబట్టి వాటికి కరగడమన్న బాధ లేదు. అవి ఎంతసేపు వెచ్చబడ్డాయన్నదే చూడాలి.

కాబట్టి ‘ఫ్రీజర్‌లో ఉన్నవన్నీ పోయాయి’ అన్న వాక్యం నివేదికలో ఉండకూడదు. అది నమ్మించదు, పైగా నిజం కాకపోవచ్చు. ప్రతి డబ్బాకూ ఒక వరుస ఉండాలి: ఏ అర, ఏ డబ్బా, ఎన్ని గొట్టాలు, లోపలిదేమిటి, ఎప్పుడు సేకరించింది, ఏ ఉష్ణోగ్రతలో ఉండాల్సింది, ఎంతకు చేరింది, ఇప్పుడు స్థితి ఏమిటి. స్థితి గడిలో మూడు మాటలు చాలు: పోయింది, పరీక్షించాలి, బాగుంది. ‘పరీక్షించాలి’ అన్న డబ్బాలను వేరే అరలోకి మార్చి, రంగు చీటీ అంటించి, ఫలితం వచ్చేదాకా ఎవరూ వాడకుండా ఆపాలి. నిజానికి ఇది అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త. పారేసిన నమూనా వల్ల నష్టం ఒక్కసారే. పాడైందని తెలియక వాడిన నమూనా తప్పుడు ఫలితాలిస్తూనే ఉంటుంది, వాటి మీద మరొకరి పరిశోధన లేచి నిలబడుతుంది.

విలువ రాసేటప్పుడు కూడా రెండు రకాలను కలపకూడదు. కొన్న రసాయనానికి బిల్లు ఉంటుంది, మళ్లీ కొనొచ్చు. పదేళ్ల కిందట ఒక రోగి ఇచ్చిన రక్తం మళ్లీ దొరకదు. ఆ రోగి ఇప్పుడు మందులు వాడుతూ ఉండొచ్చు, బతికే ఉండకపోవచ్చు. అలాంటివాటి పక్కన రూపాయల అంకె బలవంతంగా వేయడం కంటే ‘మళ్లీ సేకరించడం సాధ్యం కాదు’ అని రాసి, ఏ అధ్యయనం ఆగిపోతుందో చెప్పడం మేలు. మరోచోట నకలు ఉంటే అదీ చెప్పాలి.

టీకాల విషయంలో ఈ భారం కొంత సీసాయే మోస్తుంది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచుతారు, ఉష్ణోగ్రతను రోజుకు రెండుసార్లు పుస్తకంలో రాస్తారు. చాలా టీకా సీసాల మీద ఒక వలయం, దాని మధ్యలో లేత రంగు చతురస్రం ఉంటాయి. వేడి తగిలేకొద్దీ చతురస్రం ముదురుతుంది. వలయం రంగుతో సమానమైతే ఆ సీసా వాడకూడదు. పరిశోధనశాల గొట్టం మీద అలాంటి గుర్తేమీ ఉండదు. దానికి జరిగింది చెప్పేది నివేదిక ఒక్కటే.

ఆ నివేదికలో సగం కరెంటు పోకముందే సిద్ధంగా ఉండాలి. ఏ అరలో ఏముందో తెలియనప్పుడు ఏం పోయిందో ఎవరూ చెప్పలేరు. ప్రయోగశాలల బాధ్యత చూసేవారు ఈ వారమే మూడు పనులు చేయాలి: ఫ్రీజర్‌లోని వస్తువుల తాజా జాబితా ఒకటి ముద్రించి గది బయట ఉంచండి, తిరిగి దొరకని నమూనాలను రెండు భాగాలు చేసి వేరే లైను మీద నడిచే మరో ఫ్రీజర్‌లో సగం పెట్టండి, బ్రేకర్ల పెట్టెలో ఫ్రీజర్ల బ్రేకర్ ఏదో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించి, శుభ్రం చేయడానికి వచ్చేవారికి స్వయంగా చూపించండి.