5 సెకన్లకూ 60 సెకన్లకూ మధ్య పుట్టే 502

బస్సు టికెట్ల సైటులో సీటు ఎంచుకుని డబ్బు కట్టే బటన్ నొక్కగానే తెల్లటి పేజీ మీద `502 Bad Gateway` అని కనిపిస్తుంది. కంగారుగా మళ్లీ నొక్కితే పని జరిగిపోతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ పేజీ రాదు. ఫిర్యాదు అందుకున్న ఇంజినీర్లు వెతికితే సర్వర్‌లో తప్పేమీ దొరకదు. ప్రాసెసర్ మీద భారం లేదు, మెమరీ నిండలేదు, డేటాబేస్ చురుగ్గానే ఉంది. అసలు ఆ సమయానికి అలాంటి అభ్యర్థన వచ్చినట్టే అప్లికేషన్ లాగ్‌లో ఉండదు.

502కు కారణాలు చాలా ఉంటాయి. కానీ ఇంత అరుదుగా, సర్వర్ వైపు ఏ ఆనవాలూ లేకుండా వచ్చేదాని విషయంలో ముందుగా చూడాల్సినవి రెండు గడువులు. ఒకటి లోడ్ బ్యాలెన్సర్‌లో ఉంటుంది, రెండోది దాని వెనకున్న సర్వర్‌లో. రెండింటినీ వేర్వేరు మనుషులు వేర్వేరు అవసరాల కోసం నిర్ణయించారు. పక్కపక్కన పెట్టి పోల్చిన వాళ్లు చాలా చోట్ల ఎవరూ ఉండరు.

సైటును తెరిచిన మన ఫోను నేరుగా అప్లికేషన్ సర్వర్‌తో మాట్లాడదు. మధ్యలో లోడ్ బ్యాలెన్సర్ ఉంటుంది. వచ్చిన అభ్యర్థనలను అది వెనకున్న నాలుగైదు సర్వర్లకు పంచి, జవాబులను మనకు చేరవేస్తుంది. ప్రతి అభ్యర్థనకూ సర్వర్‌తో కొత్త టీసీపీ కనెక్షన్ తెరవడం దండగ కాబట్టి, ఒకసారి తెరిచినదాన్ని మూయకుండా ఉంచి తర్వాతి అభ్యర్థననూ అందులోనే పంపుతుంది. 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 నుంచి ఇదే మామూలు పద్ధతి. దీన్నే కీప్‌అలైవ్ అంటారు.

అయితే ఖాళీగా పడి ఉన్న కనెక్షన్‌ను ఎంతసేపు ఉంచాలి? ఇక్కడే రెండు గడియారాలు నడుస్తాయి. అమెజాన్ క్లౌడ్‌లోని అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌ను తీసుకుందాం. మనం మార్చకపోతే దాని ఐడిల్ టైమౌట్ 60 సెకన్లు. 60 సెకన్ల పాటు ఏ సమాచారమూ కదలకపోతేనే అది కనెక్షన్ మూస్తుంది. దాని వెనక నోడ్‌లో రాసిన సర్వర్ ఉందనుకుందాం. నోడ్‌లో `keepAliveTimeout` అనే గడువు 8వ వెర్షన్ నుంచి ఉంది, మనం మార్చకపోతే 5 సెకన్లు. అంటే బ్యాలెన్సర్ తన దగ్గర మంచి కనెక్షన్ ఉందని నిమిషం పాటు నమ్ముతుంది. సర్వర్ మాత్రం అయిదో సెకనుకే దాన్ని మూసేస్తుంది.

మూసినప్పుడు సర్వర్ ఆ మాట చెప్పకుండా పోదు. ఫిన్ అనే చిన్న ప్యాకెట్ పంపుతుంది. అది అందగానే బ్యాలెన్సర్ ఆ కనెక్షన్‌ను పక్కన పెట్టి, తర్వాతి అభ్యర్థనకు కొత్తది తెరుస్తుంది. అందుకే దాదాపు ఎప్పుడూ ఏ ఇబ్బందీ రాదు. చిక్కంతా ఆ ఫిన్ దారిలో ఉన్న క్షణంలోనే. సర్వర్ 5.000 సెకన్ల దగ్గర కనెక్షన్ మూసింది. సరిగ్గా అదే సమయంలో మీరు బటన్ నొక్కారు. బ్యాలెన్సర్‌కు ఫిన్ ఇంకా అందలేదు కాబట్టి, కనెక్షన్ బతికే ఉందనుకుని మీ అభ్యర్థనను అందులోకి పంపేసింది. ఎదురెదురుగా వస్తున్న రెండు ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటిపోయినట్టు, ఫిన్ ఇటు వస్తుంటే అభ్యర్థన అటు పోతోంది. అది చేరేసరికి అక్కడ కనెక్షన్ లేదు. సర్వర్‌లోని ఆపరేటింగ్ సిస్టమే రీసెట్ ప్యాకెట్‌తో దాన్ని తిప్పికొడుతుంది. నోడ్ ప్రోగ్రామ్ వరకూ ఆ అభ్యర్థన వెళ్లనే లేదు, లాగ్‌లో కనపడకపోవడానికి కారణం అదే. జవాబు రావాల్సిన చోట రీసెట్ రావడంతో బ్యాలెన్సర్ మీకు 502 చూపిస్తుంది.

ఈ ప్రమాదపు క్షణం ఎంత పొడుగు? ఒక ప్యాకెట్ బ్యాలెన్సర్ నుంచి సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టేంత. ఒకే డేటా సెంటర్‌లో అది ఒక మిల్లీసెకను అటూ ఇటూ. ఇంత చిన్న సందులో పడటం అసాధ్యం అనిపిస్తుంది గానీ, లెక్క వేస్తే అలా లేదు. ఒక కనెక్షన్ మీద అభ్యర్థనలు ఏ క్రమమూ లేకుండా, సగటున 5 సెకన్లకు ఒకటి చొప్పున వస్తున్నాయనుకుందాం. అప్పుడు రెండు అభ్యర్థనల మధ్య విరామం ఆ ఒక్క మిల్లీసెకను సందులో పడే అవకాశం లక్షకు సుమారు 7. రోజుకు పది లక్షల అభ్యర్థనలు వచ్చే సైటులో అది 70 మంది. అందులో కొందరు డబ్బు కట్టబోతున్నవాళ్లు.

ఇంజినీర్లను తికమక పెట్టేది ఇక్కడి నుంచి మొదలవుతుంది. రద్దీ పెరిగితే తప్పులూ పెరగాలని మనం ఆశిస్తాం. ఇక్కడ తిరగబడుతుంది. పట్టపగలు ప్రతి కనెక్షన్ మీదా సెకనుకు పది అభ్యర్థనలు వస్తుంటే ఏ కనెక్షనూ 5 సెకన్లు ఖాళీగా ఉండదు. కాబట్టి 502లు సున్నాకు దిగుతాయి. నడిరాత్రి నిమిషానికి ఒకటి చొప్పున వస్తే కనెక్షన్ ఎప్పుడో మూతపడి, ఫిన్ ఎప్పుడో అంది ఉంటుంది. అప్పుడు లక్షకు ఒకటి రెండుకు మించవు, పైగా వచ్చేవే తక్కువ. ఎక్కువగా రాలేది ఈ రెంటికీ మధ్య, రద్దీ మొదలయ్యే తెల్లవారుజామునో, తగ్గుతున్న రాత్రి వేళనో. అందుకే లోడ్ టెస్ట్ పెట్టి సర్వర్‌ను ఎంత బాదినా ఈ తప్పు బయటపడదు. దీన్ని రప్పించాలంటే ఉల్టా చేయాలి. ఒక అభ్యర్థన పంపి, దాదాపు 5 సెకన్లు ఆగి మరొకటి పంపాలి. సరిగ్గా 5 సెకన్లకొకసారి తాజా సమాచారం అడిగే పేజీ సైటులో ఉంటే, తెలియకుండానే ఆ పని రోజంతా చేస్తుంటుంది.

రీసెట్ రాగానే బ్యాలెన్సరే మరో కనెక్షన్‌లో మళ్లీ పంపేయొచ్చు కదా అని అడగాలనిపిస్తుంది. పేజీ చూపించమనే అభ్యర్థనైతే పంపొచ్చు, రెండుసార్లు చూసినా నష్టం లేదు. డబ్బు కట్టే అభ్యర్థన అలా కాదు. కనెక్షన్ తెగిన మాటే బ్యాలెన్సర్‌కు తెలుస్తుంది. సర్వర్ ఆ పని మొదలుపెట్టకముందు తెగిందో, సగంలో తెగిందో, పూర్తిచేసి జవాబు పంపబోతుండగా తెగిందో తెలియదు. మళ్లీ పంపితే ఖాతాలో రెండుసార్లు డబ్బు పోవచ్చు. హెచ్‌టీటీపీ ప్రమాణమే అలాంటి అభ్యర్థనలను నిర్ధారణ లేకుండా తిరిగి పంపొద్దంటుంది. తెలియనప్పుడు తెలియదని చెప్పడమే ఇక్కడ న్యాయం, 502 చెబుతున్నది కూడా అంతే.

ఇదే జబ్బని నిర్ధారించడానికి బ్యాలెన్సర్ రాసే యాక్సెస్ లాగ్ చాలు. అందులో ప్రతి అభ్యర్థనకూ రెండు కోడ్‌లు పక్కపక్కన ఉంటాయి. మొదటిది బ్యాలెన్సర్ వాడుకరికి ఇచ్చినది, రెండోది సర్వర్ బ్యాలెన్సర్‌కు ఇచ్చినది. `502 502` అని ఉంటే సర్వరే తప్పు జవాబు పంపిందని అర్థం. `502 -` అని ఉంటే సర్వర్ నుంచి జవాబే రాలేదు. క్లౌడ్‌వాచ్ గ్రాఫుల్లో కూడా `HTTPCode_ELB_502_Count` పెరుగుతూ `HTTPCode_Target_5XX_Count` కదలకుండా ఉంటుంది. ఇంకా అనుమానముంటే సర్వర్ మీద `tcpdump -i any -n 'tcp port 3000'` నడిపి ప్యాకెట్లు చూడాలి. 5 సెకన్ల నిశ్శబ్దం, సర్వర్ నుంచి ఫిన్, వెంటనే బ్యాలెన్సర్ నుంచి అభ్యర్థన, దాని వెనకే రీసెట్. ఈ వరుస ఒక్కసారి కనిపించినా కారణం రుజువైనట్టే.

మందు చిన్నది. అభ్యర్థన పంపేవాడే కనెక్షన్ మూసేలా చూడాలి. బ్యాలెన్సర్ తానే మూస్తే, మూసినదాంట్లోకి తానే అభ్యర్థన పంపదు కాబట్టి పోటీ అన్నదే ఉండదు. అందుకు సర్వర్ గడువు బ్యాలెన్సర్ గడువు కంటే ఎక్కువ ఉండాలి. నోడ్‌లో అయితే ఇలా, విలువలు మిల్లీసెకన్లలో:

```js
const server = app.listen(3000);
server.keepAliveTimeout = 65000;
server.headersTimeout = 66000;
```

మూడో వరుస ఎందుకంటే, నోడ్ కొన్ని పాత వెర్షన్లలో హెడర్ల గడువును లెక్కించే తీరులో లోపం ఉండేది. అది కీప్‌అలైవ్ గడువు కంటే తక్కువగా ఉంటే కనెక్షన్‌ను అదే ముందు తెంపేసేది. రెండో వరుస ఒక్కటే రాసి, 502లు తగ్గలేదేమిటని తల పట్టుకున్నవాళ్లు ఉన్నారు. కొత్త వెర్షన్లలో ఆ వరుస ఉన్నా నష్టం లేదు.

నోడ్ రూపకర్తలు 5 సెకన్లు పెట్టడం తప్పని నేను అనను. ఇంటర్నెట్‌కు నేరుగా ఎదురుగా నిలబడే సర్వర్‌కు అది సబబే. ఎక్కడెక్కడి ఫోన్లో, బ్రౌజర్లో తెరిచి వదిలేసిన వేల కనెక్షన్లను నిమిషాల తరబడి మోయాల్సిన పని లేదు. బ్యాలెన్సర్ వెనక అలా కాదు, వచ్చే కనెక్షన్లు కొద్ది, అవీ మనవే. అక్కడ 65 సెకన్లు ఉంచినా భారమేమీ కాదు.

సర్వర్‌ను ముట్టుకోకుండా బ్యాలెన్సర్ గడువునే 4 సెకన్లకు దించితే సరిపోతుందని కొందరు అంటారు. అది మరో తప్పుకు తలుపు తీస్తుంది. అమెజాన్ బ్యాలెన్సర్‌లో ఆ ఐడిల్ టైమౌట్ ఖాళీ కనెక్షన్లకే కాదు, జవాబు కోసం ఎదురుచూసే సమయానికీ వర్తిస్తుంది. 10 సెకన్లు పట్టే నివేదిక అడిగితే నాలుగో సెకనుకే `504 Gateway Timeout` వస్తుంది.

ఇదే మెలిక రెండో వైపు నుంచీ దెబ్బ తీస్తుంది. నా దృష్టిలో అది ఇంకా ప్రమాదకరం. సర్వర్ దగ్గర ఇంజిన్‌ఎక్స్ ఉందనుకుందాం. దాని `keepalive_timeout` మామూలుగా 75 సెకన్లు, అంటే 60 కంటే ఎక్కువే. ఏళ్ల తరబడి అంతా సవ్యంగా నడుస్తుంది. ఒకరోజు నెలాఖరు నివేదికకు రెండు నిమిషాలు పడుతోందని, 504లు వస్తున్నాయని ఎవరో బ్యాలెన్సర్ గడువును 300కు పెంచుతారు. 504లు ఆగిపోతాయి. అదే రోజు నుంచి అక్కడక్కడా 502లు మొదలవుతాయి. నివేదికతో ఏ సంబంధమూ లేని పేజీల్లో అవి వస్తుంటే, నిన్నటి మార్పును ఎవరు గుర్తు చేసుకుంటారు? ఆ 300 పెట్టిన చేతే ఇంజిన్‌ఎక్స్‌లో 310 కూడా పెట్టి ఉండాల్సింది. ఇంజిన్‌ఎక్స్ వెనక నోడ్ ఉండి, ఆ రెంటి మధ్యా కనెక్షన్లు తెరిచే ఉంచుతుంటే, అక్కడా ఇదే లెక్క విడిగా సరిచూడాలి. గూగుల్ క్లౌడ్ బ్యాలెన్సర్‌లో సర్వర్ వైపు గడువు 600 సెకన్లుగా స్థిరంగా ఉంటుంది, మార్చడానికి వీల్లేదు. అందుకే వెనకున్న సర్వర్లలో 620 పెట్టమని గూగులే సూచిస్తుంది.

గడువులు సరిచేసిన మర్నాడు గ్రాఫు చూస్తే, వేళాపాళా లేకుండా రోజంతా చల్లినట్టుండే 502లు పోవాలి. కొత్త వెర్షన్ ఎక్కించిన నిమిషాల్లో మాత్రమే గుంపుగా వచ్చేవి ఇంకా మిగిలితే, వాటి కారణం వేరు. సర్వర్‌ను బ్యాలెన్సర్ జాబితా నుంచి తప్పించి, చేతిలో ఉన్న పని పూర్తి కానివ్వకముందే ప్రోగ్రామ్‌ను ఆపేస్తున్నారన్నమాట. దానికి కీప్‌అలైవ్ గడువును ఎంత పెంచినా ఉపయోగం లేదు. ఆపే వరుసనే సరిచేయాలి.