అప్పనపల్లి తోట అమ్మిన సొమ్ము అమెరికాకు పంపాలంటే? బ్యాంకుకు ఇచ్చే లేఖలో ఏముండాలి

వైనతేయ గోదావరి ఒడ్డున, మామిడికుదురు మండలంలోని అప్పనపల్లి లాంటి ఊళ్లలో తాత తండ్రుల కొబ్బరితోటలకు ఇప్పుడు వారసులు విదేశాల్లో ఉంటున్నారు. తోట అమ్మడం వరకు సాఫీగానే సాగుతుంది. ఆ సొమ్మును విదేశీ ఖాతాకు పంపమని బ్యాంకును అడిగినప్పుడే చిక్కు మొదలవుతుంది. బ్యాంకు అడిగేది ఒక్కటే: ఈ డబ్బు మీకు ఎలా వచ్చింది? దానికి కాగితాల ఆధారంతో జవాబు చెప్పేదే ఆ లేఖ.

పరిమితి ఎంత?

ఫెమా చట్టం కింద 2016లో రిజర్వు బ్యాంకు తెచ్చిన నిబంధనల ప్రకారం ఎన్‌ఆర్‌ఐలు, ఓసీఐ కార్డు ఉన్నవారు ఒక ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ నుంచి మార్చి వరకు, 10 లక్షల డాలర్ల దాకా బయటకు పంపుకోవచ్చు. ఇది ఒక్కో ఆస్తికి వేరువేరుగా ఉండే పరిమితి కాదు. ఆ ఏడాది ఎన్‌ఆర్‌ఓ ఖాతాల నుంచి, ఆస్తుల అమ్మకం నుంచి పంపే సొమ్మంతా కలిపి లెక్క. వారసత్వ ఆస్తి సొమ్మును విడతలుగా పంపితే అన్ని విడతలూ ఒకే బ్యాంకు ద్వారా వెళ్లాలి.

ఒక ఉదాహరణ

ఇది ఊహించిన ఉదాహరణే. డాలస్‌లో ఉంటున్న అక్క, హైదరాబాద్‌లో ఉంటున్న తమ్ముడు. 2019లో తండ్రి చనిపోయారు. వీలునామా లేదు, తల్లి అంతకుముందే కాలం చేశారు. వారసులు ఇద్దరే. 2025 ఆగస్టులో అప్పనపల్లిలోని కొబ్బరితోటను 60 లక్షలకు, తండ్రి 2001కి ముందే కట్టిన పెంకుటిల్లును 24 లక్షలకు అమ్మారు. అక్క వాటా తోటలో 30 లక్షలు, ఇంట్లో 12 లక్షలు.

ఒకే ఊళ్లో ఉన్నా ఈ రెంటికీ పన్ను ఒకేలా ఉండదు. పురపాలక సంఘం పరిధిలో లేని, దానికి నిర్ణీత దూరం అవతల ఉన్న సాగుభూమిని ఆదాయపు పన్ను చట్టం మూలధన ఆస్తిగా చూడదు. లక్ష లోపు జనాభా ఉన్న పట్టణమైతే ఆ దూరం 2 కిలోమీటర్లు. అప్పనపల్లికి దగ్గరున్న పురపాలక పట్టణం అమలాపురం. జనాభా లక్షలోపే, దూరం 2 కిలోమీటర్ల కంటే చాలా ఎక్కువ. కాబట్టి తోట అమ్మకంపై మూలధన లాభాల పన్ను పడదు. తోట నిజంగా సాగులో ఉందని అడంగల్‌లో కనిపించాలి.

ఇంటికి మాత్రం పన్ను ఉంటుంది. అమ్మేవారు ఎన్‌ఆర్‌ఐ కాబట్టి కొనేవారే పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. 2024 జులై 23 తర్వాతి అమ్మకాలకు రేటు 12.5 శాతం, సెస్సుతో కలిపి 13 శాతం. 12 లక్షలపై అది 1,56,000 అవుతుంది. మిగిలే 10,44,000, తోట సొమ్ము 30 లక్షలు కలిపి అక్క ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో 40,44,000 ఉంటాయి.

అసలు పన్ను పడేది మొత్తం ధరపై కాదు, లాభంపైనే. 2001 ఏప్రిల్ 1 నాటికి ఆమె వాటా విలువ 2 లక్షలని తేలితే లాభం 10 లక్షలు, పన్ను 1,30,000. ఎక్కువగా కోసిన 26,000 రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది. అంత కోయకుండా ఉండాలంటే రిజిస్ట్రేషన్‌కు ముందే తక్కువ మినహాయింపు సర్టిఫికెట్ కోసం ఆదాయపు పన్ను శాఖకు దరఖాస్తు చేసుకోవాలి.

లేఖ ఇలా

బ్యాంకులు సాధారణంగా ఇంగ్లిష్‌లోనే అడుగుతాయి. అందులో ఉండాల్సిన విషయం ఇది:

"బ్రాంచి మేనేజర్ గారికి. నేను మీ శాఖలో ........ నంబరు ఎన్‌ఆర్‌ఓ ఖాతాదారును, అమెరికాలో నివసిస్తున్నాను. మా నాన్నగారు ........ తేదీన మరణించగా, అప్పనపల్లిలోని సర్వే నంబరు ........ కొబ్బరితోటలో, డోర్ నంబరు ........ ఇంట్లో సగం వాటా నాకు సంక్రమించింది. ఈ రెంటినీ భారత్‌లో నివసించే కొనుగోలుదారులకు ........, ........ నంబర్ల దస్తావేజుల ద్వారా అమ్మాము. నా వాటాగా ........, ........ తేదీల్లో మొత్తం రూ.40,44,000 ఈ ఖాతాలో జమ అయింది. ఇంటిపై పన్ను మినహాయించి చెల్లించారు. తోట గ్రామీణ సాగుభూమి. ఈ మొత్తాన్ని విదేశంలో నా పేరిట ఉన్న ఈ కింది ఖాతాకు పంపగలరు. ఈ ఆర్థిక సంవత్సరంలో అన్ని బ్యాంకుల ద్వారా ఇప్పటివరకు నేను పంపినది ........ డాలర్లు. జత చేసిన పత్రాల జాబితా కింద ఉంది."

దీనికి జతచేసేవి: తండ్రి మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, తండ్రి పేరున్న పాత దస్తావేజు లేదా పట్టాదారు పాసు పుస్తకం, అమ్మకపు దస్తావేజులు, ఖాతా స్టేట్‌మెంట్, పాన్, పాస్‌పోర్టు, బ్యాంకు ఇచ్చే ఏ2 ఫారం. పన్ను వైపు నుంచి 15సీఏ ఫారం, చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చే 15సీబీ. పన్ను పడని తోట సొమ్ముకు 15సీఏలోని డి భాగం సరిపోతుంది. అయినా చాలా బ్యాంకులు అకౌంటెంట్ ధ్రువీకరణ కూడా అడుగుతాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి, ఆ తర్వాత పంపేవారు ఏ ఫారాలు ఇవ్వాలో ముందే కనుక్కోవాలి.

ఎక్కడ ఆగిపోతుంది?

మొదటిది పేరు. పాసు పుస్తకంలో తండ్రి పేరు ఒకలా, మరణ ధ్రువపత్రంలో మరోలా, కూతురి పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరు. తండ్రి నుంచి కూతురికి గొలుసు ఎక్కడ తెగినా లేఖ వెనక్కి వస్తుంది. అమ్మకానికి ముందే రెవెన్యూ రికార్డుల్లో పేర్లు మార్పించుకుని, తేడాలకు ప్రమాణపత్రం సిద్ధం చేసుకోవడం మేలు.

రెండోది డబ్బు చేరిన ఖాతా. పవర్ ఆఫ్ అటార్నీతో తమ్ముడు సంతకం చేసి, మొత్తం తన సేవింగ్స్ ఖాతాలోనే వేయించుకుంటే, అక్క ఖాతాలో అమ్మకం జాడే ఉండదు. కొనేవారు ఆమె వాటాను నేరుగా ఆమె ఎన్‌ఆర్‌ఓ ఖాతాకే చెల్లించాలని దస్తావేజులోనే రాయించాలి.

మూడోది నగదు. దస్తావేజులో 40 లక్షలు చూపి మిగతా 20 లక్షలు చేతికి తీసుకుంటే, ఆ 20 లక్షలను ఈ లేఖతో పంపడం సాధ్యం కాదు. పైగా స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే, తీసుకున్న మొత్తానికి సమానమైన జరిమానా పడవచ్చు.

నాలుగోది ఇంటి పన్ను. కొన్నవారు కోసిన మొత్తాన్ని అక్క పాన్‌పై జమ చేయకపోతే అకౌంటెంట్ సర్టిఫికెట్ ఇవ్వరు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో 26ఏఎస్ తెరిస్తే 1,56,000 కనిపించాలి. అది కనిపించాకే బ్యాంకుకు లేఖ ఇవ్వాలి.

తోట విషయంలో ఇంకో నిబంధన ఉంది. వారసత్వంగా వచ్చిన సాగుభూమిని ఎన్‌ఆర్‌ఐ భారత్‌లో నివసించేవారికే అమ్మాలి. విదేశంలో ఉన్న బంధువు కొంటానన్నా కుదరదు. కొన్నవారు ఇక్కడే ఉంటారని లేఖలో రాసేది అందుకే.