నాలుక తట్టుకున్న చోట

వ్యాసం రాయడం పూర్తయ్యాక కళ్లతో రెండుసార్లు చూసుకుంటాం, అక్షరదోషాలు దిద్దుకుంటాం, పంపేస్తాం. ఆ చూపుకి సాధారణంగా దొరకని దోషాలు రెండున్నాయి. మొదటిది, వాక్యం ముందు పనీపాటా లేకుండా వచ్చి కూర్చునే మాటలు: నిజానికి, ఇకపోతే, ఈ నేపథ్యంలో, మనందరికీ తెలిసిందే. రెండోది, వాక్యాల నడక. ఒక వాక్యం ఊపిరి అందనంత పొడవుంటుంది, దాని వెంటే మూడేసి మాటల ముక్కలు వరసగా పడతాయి. రాసినవాళ్లకి తర్వాత ఏం రాబోతుందో ముందే తెలుసు కాబట్టి వాళ్ల కన్ను మాటలు దాటుకుంటూ పోతుంది. నాలుకకి ఆ వెసులుబాటు లేదు. కాగితం మీద ఉన్న ప్రతి మాటనీ అది పలికి తీరాలి. అందుకే చిత్తుప్రతిని పైకి చదవమని చెప్పేది.

తెలుగు వాక్యానికి ఈ పరీక్ష మరీ అవసరం. మన క్రియ చివర్న వస్తుంది. ఎవరు, ఎక్కడ, ఎందుకు అన్నవన్నీ మనసులో మోస్తూ, ఏం చేశారో తెలియడానికి వాక్యం కొస దాకా ఆగాలి. ఆ బరువుకి తోడు ముందొక ‘ఈ నేపథ్యంలో’ చేరితే, విషయం మొదలుకాకముందే పాఠకుడి ఓపిక కొంత ఖర్చయిపోతుంది.

ఈ పరీక్ష ఎలా పనిచేస్తుందో చూడ్డానికి ఒక పేరా తీసుకుందాం. ఊరి సంచికల్లో, జిల్లా పేజీల్లో రోజూ కనబడే తరహాలో కూర్చినదిది:

“నేటి ఆధునిక కాలంలో చెరువుల ప్రాముఖ్యం మనందరికీ తెలిసిందే. ఈ నేపథ్యంలో మా ఊరి చెరువు గురించి చెప్పుకోవాల్సిన అవసరం ఎంతైనా ఉంది. నిజానికి గత ఏడాది కురిసిన భారీ వర్షాలకు గండిపడి నీరంతా పోయి కింద ఉన్న ఆయకట్టు బీడుగా మారిపోవడంతో ఇబ్బందులు పడిన రైతులు చందాలు వేసుకుని జేసీబీ తెప్పించి కట్టకు మరమ్మతులు చేయించడం జరిగింది. అయితే తూము పాడైంది. అది బాగు కాలేదు. దాంతో నీరు కారిపోతోంది. ఇకపోతే పంచాయతీకి అర్జీ ఇవ్వడం జరిగింది.”

కంటితో చదివితే దీంట్లో పెద్ద తప్పేమీ కనిపించదు. ఇప్పుడు దీన్ని కాగితం మీదికి తీసుకుని, పెన్సిల్ పట్టుకుని, ఎదురుగా ఉన్న మనిషికి వినిపించేంత గొంతుతో చదవాలి. గొణుక్కుంటే లాభం లేదు. గొణుగుడు కూడా కన్నులాగే మాటలు మింగేస్తుంది. ఫ్రెంచి నవలాకారుడు ఫ్లోబేర్ తన వాక్యాలను గట్టిగా అరుస్తూ చదివి పరీక్షించుకునేవాడు. అంత అరవనక్కర్లేదు కానీ, గొంతు మాత్రం పూర్తిగా విప్పాలి. రాసిన రోజే కాకుండా ఒక రాత్రి గడిచాక చదివితే ఇంకా మంచిది.

చదువుతూ దిద్దకూడదు. ఆగి దిద్దడం మొదలుపెడితే నడక వినబడదు. గుర్తులు మాత్రం పెట్టుకుంటూ పోవాలి, అవీ మూడే. ఊపిరి చాలని చోట ఒక గీటు. నాలుక తట్టుకున్న మాట చుట్టూ ఒక సున్నా. కాగితం మీద ఒకటుంటే నోరు మరొకటి పలికిన చోట కింద వంకరగీత. ఈ మూడో గుర్తే అన్నిటికన్నా విలువైనదని నా అభిప్రాయం.

పై పేరాలో మూడో వాక్యం దగ్గర మూడు గుర్తులూ పడతాయి. అందులో పాతిక మాటలున్నాయి. ‘మారిపోవడంతో’ దగ్గరికి వచ్చేసరికి ఊపిరి తీసుకోవాలి. ‘ఇబ్బందులు పడిన రైతులు’ దగ్గర గొంతు తడబడుతుంది, అప్పటిదాకా నీటి గురించి, పొలం గురించి సాగిన మాట హఠాత్తుగా మనుషుల మీదికి మళ్లింది కాబట్టి. ఇక చివర్న చాలామంది నోరు దానంతటదే ‘చేయించారు’ అనేస్తుంది. కాగితం మీదున్నది ‘చేయించడం జరిగింది’. రైతులు అన్న కర్తకి ‘జరిగింది’ అన్న క్రియ పొసగదని వ్యాకరణం గుర్తు చేయకముందే నోటికి తెలిసిపోయింది. అక్కడ నోటి మాటే ఖాయం చేయాలి.

ఆ తర్వాతి మూడు వాక్యాల్లో తప్పు వేరు. తూము పాడైంది, అది బాగు కాలేదు, దాంతో నీరు కారిపోతోంది. మూడింటికీ ఒకే పొడవు, ఒకే ఊనిక, ఒకే విరుపు. పాతిక మాటల వాక్యం తర్వాత ఇవి వరసగా పడితే విన్నవాళ్లకి రచయిత అలిసిపోయాడనిపిస్తుంది.

పూర్తిగా ఒకసారి చదివాక రెండు చిన్న చదువులు మిగులుతాయి. మొదట, ప్రతి వాక్యం మొదటి మాటలు మాత్రమే పైనుంచి కిందికి చదవండి: నేటి ఆధునిక కాలంలో, ఈ నేపథ్యంలో, నిజానికి, అయితే, అది, దాంతో, ఇకపోతే. ఏడు వాక్యాల్లో ఒక్కటి కూడా చెరువుతోనో, రైతుతోనో, వానతోనో మొదలుకాలేదు. తర్వాత చివరి మాటలు మాత్రమే చదవండి. తెలిసిందే, ఉంది, జరిగింది, పాడైంది, కాలేదు, కారిపోతోంది, జరిగింది. ‘జరిగింది’ రెండుసార్లు రావడం ఇలా చదివితేనే చెవిన పడుతుంది.

మొదటి మాటల్ని గుడ్డిగా కొట్టేయకూడదు. ఒక్కొక్కటీ తీసేసి ఆ వాక్యాన్ని ముందరి వాక్యంతో కలిపి మళ్లీ చదివితే, ఏది పనిచేస్తోందో తెలుస్తుంది. ‘నిజానికి’ తీసేస్తే ఏమీ మారలేదు, అక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు కదా. ‘ఇకపోతే’ కూడా అంతే. ‘అయితే’ తీసేస్తే మాత్రం కట్ట బాగయిందన్న మాటకీ తూము బాగవలేదన్న మాటకీ మధ్య మలుపు పోయింది. కాబట్టి అది ఉండాలి. మొదటి రెండు వాక్యాలనైతే పూర్తిగా ఎత్తేసినా పాఠకుడికి పోయేదేమీ లేదు. అవి రచయిత విషయంలోకి దిగడానికి వేసుకున్న మెట్లు.

పైకి చదివినప్పుడు ఇంకో సంగతి బయటపడుతుంది. తూము ఎందుకు బాగు కాలేదు? పొట్టి వాక్యాలు టకటకా పోవడంతో ఆ ప్రశ్న కంటికి కనబడలేదు. గొంతు అక్కడ ఆగింది, ఏదో రావాలన్నట్టు. ఇది రచయితే తెలుసుకుని చెప్పాల్సిన విషయం. డబ్బు చాలలేదని తెలిసిందనుకుందాం. అప్పుడు పేరా ఇలా మారుతుంది:

“నిరుడు కురిసిన వానలకు మా ఊరి చెరువుకు గండి పడింది. నీళ్లన్నీ పోయాయి. కింద ఆయకట్టంతా బీడు. చివరికి రైతులే చందాలు వేసుకుని, జేసీబీ తెప్పించి కట్ట బాగుచేయించారు. అయితే తూముకు కూడా ఆ డబ్బు చాలకపోవడంతో చెరువులో నీళ్లు ఇప్పటికీ కారిపోతూనే ఉన్నాయి. దాన్నైనా బాగుచేయించమని పంచాయతీకి అర్జీ పెట్టుకున్నారు.”

ఇందులోనూ పొట్టి వాక్యాలున్నాయి, పొడుగువీ ఉన్నాయి. వాక్యాలన్నీ ఒకే కొలతలో ఉండాలన్నది ఉద్దేశం కాదు. నీళ్లు పోవడం ఒక్కసారిగా జరిగింది కాబట్టి అక్కడ వాక్యం పొట్టిది. డబ్బు చాలకపోవడానికీ నీళ్లు కారడానికీ కార్యకారణ సంబంధం ఉంది కాబట్టి అవి ఒకే వాక్యంలో కలిశాయి. ‘ఆయకట్టంతా బీడు’ అన్న చోట క్రియే లేదు. క్రియ లేకుండా వాక్యాన్ని నిలబెట్టగలగడం తెలుగుకున్న ఒక సదుపాయం. వరసగా వచ్చే ‘ంది’ల మోతను తెంచడానికి అదొక మంచి మార్గం, పేరాకి ఒకసారికి మించి వాడకపోతే.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. రాసినవాళ్లు మంచి వక్తలైతే చెడ్డ వాక్యాన్ని కూడా గొంతుతో నెట్టుకొచ్చేస్తారు. ఎక్కడ ఒత్తి పలకాలో, ఎక్కడ విరవాలో వాళ్లకి ముందే తెలుసు. పాఠకుడికి ఆ గొంతు అందదు. కాబట్టి చివరి చదువు మరొకరికి అప్పగించడం మేలు. ఇంట్లో ఎవరైనా సరే, ముందుగా చూసుకోకుండా చదవాలి. ఎనిమిది వందల మాటల వ్యాసానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. ఆ సేపూ రచయిత రెండో ప్రతి పట్టుకుని నోరు విప్పకుండా వినాలి. ‘అక్కడ అలా కాదు’ అని అందిస్తే పరీక్ష చెడిపోతుంది. చదివేవాళ్లు ఒక వాక్యం సగం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారంటే, ఆ వాక్యం పక్కన గీటు పెట్టుకోవాలి. తప్పు వాళ్ల చదువులో లేదు.