మొదటి మెయిల్‌లోనే బియ్యం ధర రాయాలా?

దేశీ బియ్యం పండించే మనం సిటీలోని ఆర్గానిక్ షాపులకు మెయిల్ రాసేటప్పుడు ఒక దగ్గర చెయ్యి ఆగిపోతుంది. కిలో ఎంతో ఇప్పుడే రాసేయాలా, ఫోన్‌లో మాట్లాడేటప్పుడు చెప్పాలా? వీడియోలో నేను పంపే మెయిల్ చూపించాను. దాని వెనక లెక్క ఇక్కడ రాస్తున్నా.

నా పద్ధతి ఇది. పొలం దగ్గరి ధర మెయిల్‌లోనే రాస్తాను. ప్యాకింగ్, రవాణా, అప్పు గడువు, తగ్గింపు మాత్రం మాటలకు వదిలేస్తాను.

కుజిపటాలియా సన్నబియ్యం లెక్క చూద్దాం. 75 కిలోల వడ్ల బస్తాకి నేను 3,000 కట్టుకున్నాను. మిల్లుకి తోలడం, ఆడించడం, రాళ్లు నూక తీయడం, సంచి కలిపి 300. సింగిల్ పాలిష్‌లో మంచి బియ్యం 44 కిలోలు వచ్చింది. అంటే 3,300ని 44తో భాగిస్తే కిలో 75 రూపాయలు. అదే షాపువాళ్లు కిలో ప్యాకెట్లు కావాలంటే 7 రూపాయలు, హైదరాబాద్ చేర్చాలంటే 3 రూపాయలు కలిసి 85 అవుతుంది.

ఇప్పుడు మెయిల్‌లో ఉత్తగా "కిలో 85" అని రాశామనుకోండి. షాపాయన దాన్ని ఇంకో రైతు లూజుగా చెప్పిన 75 పక్కన పెట్టి చూస్తాడు. సరుకు ఒకటే, ఖర్చు ఒకటే అయినా మనమే ఎక్కువ చెప్పినట్టు కనిపిస్తుంది. అసలు ధరే రాయకపోతే "రేటు ఎంత?" అని ఒక్క ముక్క జవాబు వస్తుంది, లేదా అదీ రాదు. ఆయన అమ్మే ధరలో మన సరుకు ఇముడుతుందో లేదో తెలియకుండా ఫోన్ చేయడం ఆయనకీ దండగే కదా.

అందుకే ఇలా రాస్తాను: "కుజిపటాలియా, సింగిల్ పాలిష్, 10 క్వింటాళ్లు ఉంది. 25 కిలోల సంచుల్లో, మా ఊళ్లో ఎత్తుకుంటే కిలో 75. ఈ ధర నెలాఖరు వరకు. ప్యాకింగ్, రవాణా మీ అవసరాన్ని బట్టి మాట్లాడుకుందాం. కిలో శాంపిల్ పంపుతాను."

గడువు తప్పకుండా రాయండి. లేకపోతే మూడు నెలలు నిల్వ ఉంచి, పురుగు ఏరించి, తరుగు పోయాక కూడా ఆ పాత మెయిలే చూపించి అదే ధరకి అడుగుతారు.

ఒక్కచోట మాత్రం ధర రాయను. చెట్టు మీదున్న మామిడికి. కాయ సైజు, ఎంత దిగుతుందో తెలియకముందు రాసిన అంకె మన మెడకే చుట్టుకుంటుంది. అప్పుడు రకం, కోత వారం, సుమారు టన్నులు రాసి ఊరుకుంటాను.

జవాబులు చదివితే మెయిల్ ఎలా ఉందో తెలిసిపోతుంది. శాంపిల్ అడిగితే ధర కుదిరినట్టే. శాంపిల్ మాటే లేకుండా "65కి ఇస్తారా?" అంటే, ధర పక్కన షరతులు సరిగా కనపడ్డాయో లేదో ఒకసారి చూసుకోండి.